పడుగుకు రంగు పడకముందే వెళ్లాల్సిన మెయిల్

పుట్టపాక, కొయ్యలగూడెం, భూదాన్ పోచంపల్లి ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి గానీ, 2016 వరకు అవి నల్లగొండ జిల్లా ఊళ్లే. ఇక్కడి ఇక్కత్ పనిలో ఒక ప్రత్యేకత ఉంది. మామూలు గుడ్డకు నేసిన తర్వాత కూడా రంగు అద్దొచ్చు, అచ్చు వేయొచ్చు. ఇక్కత్‌లో ఆ వీలు లేదు. డిజైన్‌ను ముందు గ్రాఫ్ కాగితం మీద గీస్తారు. ఆసు పోసి, ఆ గీత ప్రకారం నూలుకు రబ్బరు పట్టీలతో చిటికి కడతారు. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో రంగు కోసం మళ్లీ కడతారు. ఆ తర్వాతే నూలు మగ్గమెక్కుతుంది. చీర ఎలా ఉండబోతుందో మగ్గం మీద తేలదు, రంగుల గదిలోనే తేలిపోతుంది.

అందుకే ఫోన్‌లో కుదిరిన ఆర్డర్‌ను మెయిల్‌లో రాసి ఖాయం చేసుకోవడం ఎలాగో చెప్పడానికి ఈ పనినే తీసుకున్నాను. చాలా వ్యాపారాల్లో తప్పు అర్థమైతే మధ్యలో దిద్దుకోవచ్చు. ఇక్కడ దిద్దుకునే సమయం ఎంతో స్పష్టంగా కనిపిస్తుంది: ఫోన్ పెట్టేసిన నిమిషం నుంచి మొదటి నూలు కట్ట రంగులో మునిగే వరకు. మెయిల్ వెళ్లడం, దానికి జవాబు రావడం ఈ మధ్యలోనే జరగాలి. ఆ తర్వాత పంపే మెయిల్ గొడవ పడటానికి పనికొస్తుందేమో గానీ చీరను మార్చలేదు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఇది నేను కల్పించిందే, అంకెలూ నావే. కానీ అందులోని ప్రతి చిక్కూ ఈ వ్యాపారంలో ఉన్నవారికి తెలిసిందే. సంస్థాన్ నారాయణపురం మండలంలో ఒక నేత కుటుంబం ఉంది. తండ్రి రంగులు చూసుకుంటాడు, అయిదు మగ్గాలు నడుస్తున్నాయి. చదువుకున్న కొడుకు అమ్మకాలు చూస్తాడు. బెంగళూరులో బట్టల దుకాణం నడిపే ఒక తెలుగావిడ జూలై 14న సాయంత్రం ఫోన్ చేసింది.

“అన్నా, పోయినసారి పంపిన నీలం డిజైన్ బాగా పోయింది. నలభై చీరలు కావాలి. దసరాకు ముందు అందాలి.”

“అందుతయి మేడం. ఒక్కోటి నాలుగు వేల రెండొందలు పడ్తది.”

“సరే. అడ్వాన్స్ నలభై శాతం వేస్తాను. ఈసారి కొంగు కొంచెం పెద్దది పెట్టండి.”

“అయితది మేడం.”

రెండు నిమిషాల్లో ఇద్దరూ సంతోషంగా ఫోన్ పెట్టేశారు. ఎవరూ అబద్ధం ఆడలేదు, ఎవరికీ దురుద్దేశం లేదు. అయినా ఈ నాలుగు ముక్కల్లో కనీసం అయిదు చోట్ల ఇద్దరి మనసుల్లో వేర్వేరు లెక్కలున్నాయి.

పోయినసారి ఆమెకు వెళ్లిన సరుకులో నీలాలు రెండున్నాయి. ఒకటి ముదురు, ఇంకోటి నెమలికంఠం. బాగా పోయింది నెమలికంఠం, ఈయన మనసులో ఉన్నది ముదురు. ధరలో జీఎస్టీ కలిసి ఉందని ఆమె అనుకుంది, కాక అని ఈయన అనుకున్నాడు. నలభై శాతం దేని మీద అన్నదీ అంతే. చీరల విలువ 1,68,000 రూపాయల మీదైతే 67,200. జీఎస్టీ 5 శాతం కలిపిన 1,76,400 మీదైతే 70,560. దసరాకు ముందు అంటే ఆమెకు దుకాణంలో అమ్మకానికి సిద్ధంగా ఉండటం, ఈయనకు పార్శిల్ ఎక్కించడం. ఇక కొంగు సంగతి అన్నిటికంటే చిక్కు. ఆమె అడిగింది, ఈయన “అయితది” అన్నాడు. చేయడానికి వీలవుతుందని ఆయన భావం, చేస్తానని మాటిచ్చాడని ఆమె భావం. కొంగు పెరిగితే పేక నూలుకు కట్టే చిటికి లెక్క మారుతుంది, కూలి పెరుగుతుంది. ఆ పెరుగుదల ఎవరు భరించాలో మాటే రాలేదు.

మెయిల్ రాయడం ఫోన్‌లో ఉండగానే మొదలవుతుంది. పెట్టేసే ముందు ఒకసారి తిరిగి చదివినట్టు చెప్పండి: “మేడం, నలభై చీరలు, నాలుగు వేల రెండొందలు, అడ్వాన్స్ నలభై శాతం. రంగు, కొంగు, తేదీ నేను మెయిల్‌లో రాసి పంపుతా. మీరు చూసి సరే అన్నంకనే నూలు రంగుకు ఇస్తం.” ఈ చివరి వాక్యం చాలా విలువైనది. మెయిల్ రాబోతోందని అవతలివారికి ముందే తెలుస్తుంది. తాము జవాబు ఇవ్వకపోతే పని మొదలు కాదనీ తెలుస్తుంది. పొలం గట్టు మీదో, బస్సులోనో ఉండి ఫోన్ ఎత్తినా సరే, ఈ మూడు ముక్కలు చెప్పడానికి అర నిమిషం చాలు. తర్వాత కాగితం దొరికిన వెంటనే అంకెలు మాత్రం రాసుకోండి. మర్నాటికి మనకు గుర్తుండేది మనం విన్నది కాదు, మనం కోరుకున్నది.

ఇక మెయిల్. అదే రోజు వెళ్లాలి, వీలైతే గంటలోపు. దాన్ని మూడు భాగాలుగా రాయమంటాను. మొదటి భాగంలో ఇద్దరూ నోటితో ఒప్పుకున్నవి మాత్రమే ఉండాలి. రెండో భాగంలో ఫోన్‌లో మాటే రాని, మీరు మాత్రం అనుకుంటున్న సంగతులు. మూడోది మాటొచ్చినా తేలని సంగతులు. చాలామంది ఈ మూడింటినీ కలిపి “మనం అనుకున్నట్టుగా” అని ఒకే పేరాలో రాసేస్తారు. నిజంగా అనుకున్నదేదో, రాసేవారు చేర్చిందేదో చదివేవారికి అర్థం కాదు. కొందరైతే కావాలనే అలా చేరుస్తారు. ఫోన్‌లో రవాణా ఖర్చు మాటే రాకపోయినా “అనుకున్న ప్రకారం రవాణా మీదే” అని మధ్యలో ఇరికిస్తారు. అవతలివారు అది పట్టుకున్నారంటే ఆ మెయిల్‌లోని మిగతా అంకెలన్నీ అనుమానంలో పడతాయి. కొత్త షరతు పెట్టడం తప్పు కాదు. దాన్ని కొత్తదిగానే చూపాలి.

ఆ కుర్రాడు ఇలా రాయొచ్చు:

> సబ్జెక్ట్: 40 చీరల ఆర్డర్, జూలై 14 ఫోన్‌లో అనుకున్నవి. జూలై 17 లోపు మీ జవాబు కావాలి
>
> మేడం గారికి నమస్కారం. ఇవాళ సాయంత్రం 5 గంటలకు ఫోన్‌లో మనం మాట్లాడుకున్నది నాకు అర్థమైనంత వరకు కింద రాశాను. ఎక్కడైనా తేడా ఉంటే దయచేసి దిద్దండి.
>
> మనం ఒప్పుకున్నవి: కాటన్ ఇక్కత్ చీరలు 40. చీర ధర రూ.4,200. అడ్వాన్స్ 40 శాతం.
>
> ఫోన్‌లో మాట రానివి, నేను అనుకుంటున్నవి: ఈ ధర జీఎస్టీ కాక. 5 శాతం కలిపితే మొత్తం రూ.1,76,400, దాని మీద అడ్వాన్స్ రూ.70,560. చీర 5.5 మీటర్లు, బ్లౌజు ముక్క 80 సెంటీమీటర్లు అదనం, ధరలో కలిసే ఉంది. సెప్టెంబర్ 15న ఇక్కడ పార్శిల్ వేస్తాం. రవాణా ఖర్చు మీది. మిగతా డబ్బు సరుకు మీకు అందిన 15 రోజుల్లోపు.
>
> ఇంకా తేలనివి: మొదటిది రంగు. పోయినసారి రెండు నీలాలు పంపాం. రెండింటి నూలు ముక్కలకు 1, 2 అని చీటీ కట్టి రేపు కొరియర్‌లో పంపుతున్నాను. ఏ నంబరో చెప్పండి. రెండోది కొంగు. పోయినసారి 30 అంగుళాలు. 36 అంగుళాలు చేయగలం, చీరకు రూ.150 పెరుగుతుంది. 30 ఉంచాలా, 36 చేయాలా?
>
> మీ జవాబు, అడ్వాన్స్ అందాక నూలు రంగుకు ఇస్తాం. రంగు వేసిన తర్వాత రంగు గానీ డిజైన్ గానీ మార్చడం వీలు కాదు.

ఈ మెయిల్‌లో కొన్ని సంగతులు ఆగి చూడదగ్గవి. సబ్జెక్ట్‌లోనే సరుకు, ఫోన్ తేదీ, జవాబు గడువు ఉన్నాయి. రెండు నెలల తర్వాత వెతికినా ఒక్కసారికే దొరుకుతుంది. “నాకు అర్థమైనంత వరకు” అన్న మాట ఎదుటివారిని తప్పు పట్టకుండా దిద్దే వీలు ఇస్తుంది. శాతం దగ్గరే ఆగిపోకుండా రూపాయల్లో రాశాడు. శాతం రెండు రకాలుగా అర్థమవుతుంది, రూ.70,560 ఒకే రకంగా అర్థమవుతుంది. తేదీ దగ్గర దసరా మాట తీసేసి, తన చేతిలో ఉన్న పనికి తేదీ పెట్టాడు. పార్శిల్ వేయడం ఆయన పని, లారీ నడపడం ఆయన పని కాదు. తేలని సంగతులను “ఏమంటారు?” అని వదిలేయకుండా ఒకటా రెండా, ముప్పయ్యా ముప్పయ్యారా అని అడిగాడు. పనిలో ఉన్న మనిషి అలాంటి ప్రశ్నకు ఫోన్‌లోంచే జవాబు కొడుతుంది. “మీ అభిప్రాయం తెలపగలరు” అంటే రేపు చూద్దామని పక్కన పెడుతుంది.

రంగు విషయంలో ఫొటోను నమ్మొద్దు. ఒకే చీర ఫొటో ఒక ఫోన్‌లో నీలంగా, ఇంకో ఫోన్‌లో ఊదాగా కనిపిస్తుంది. ట్యూబులైటు కింద తీసిన ఫొటో సంగతి చెప్పనే అక్కర్లేదు. నూలు ముక్కే పంపాలి, అదే నూలు నుంచి అదే నంబరు చీటీతో ఇంకో ముక్క మీ దగ్గర ఉంచుకోవాలి. నంబరు మెయిల్‌లో రాయాలి. “నీలం” మీద వాదన రావొచ్చు గానీ, “2వ నంబరు” మీద వాదించడానికి ఏమీ ఉండదు.

మెయిల్ ఏ భాషలో రాయాలని అడుగుతుంటారు. ఫోన్‌లో ఏ భాషలో మాట్లాడారో అందులోనే రాయండి. తెలుగులో మాట్లాడుకుని వచ్చీరాని ఇంగ్లీషులో రాస్తే, మాట్లాడినది ఒకటి, రాసినది ఒకటి అయ్యే ప్రమాదం ఉంది. ఫోన్‌లో తెలుగు కీబోర్డు ఉంటే చాలు. అవతలివారికి తెలుగు రాకపోతే చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు, అంకెలు సరిపోతాయి.

జూలై 16న ఆవిడ జవాబు వచ్చింది: “అన్నీ సరే. 2వ నంబరు నీలం, కొంగు 36. కానీ పార్శిల్ సెప్టెంబర్ 10కి వేయాలి.” చూడటానికి ఇది ఒప్పుకోలులా ఉంది. తొందరపడే మనిషి “సరే” అన్న మాట చూసి నూలు రంగుకు ఇచ్చేస్తాడు. కానీ ఆ “కానీ” దగ్గర ఆగాలి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం పూర్తిగా, షరతు లేకుండా ఉండాలి. షరతుతో వచ్చిన సరే అంటే అది కొత్త ప్రతిపాదన. ఇప్పుడు సరే అనాల్సింది ఈయన. చట్టం సంగతి అలా ఉంచినా, పనిలో ఉన్న నిజం కూడా అదే. అయిదు రోజులు ముందుకు జరపడం చిన్న మాట కాదు.

లెక్క చూస్తే తెలుస్తుంది. ఈ ఇంట్లో ఒక పడుగు మీద ఎనిమిది చీరలు. అయిదు మగ్గాల మీద అయిదు పడుగులు, నలభై చీరలు. చీరకు నాలుగు రోజులు పడితే నేత 32 రోజులు. దానికి ముందు ఆసు, చిటికి, రంగు, అతుకులకు రెండు వారాలు. మొత్తం 46 రోజులు. జూలై 18న మొదలుపెడితే సెప్టెంబర్ మొదటి రోజుల్లో అయిపోవాలి. సెప్టెంబర్ 15 రాసింది బద్ధకంతో కాదు. అది వానాకాలం. ముసురు పట్టిందంటే రంగేసిన నూలు ఆరదు. మధ్యలో పండుగలొస్తాయి, నేసేవారి ఇళ్లలో శుభకార్యాలు, జ్వరాలు ఉంటాయి. ఆ పన్నెండు పదమూడు రోజులు అందుకోసం. తండ్రిని అడిగి కొడుకు జవాబు రాశాడు: సెప్టెంబర్ 10కి ఇరవై చీరలు, 15కి మిగతా ఇరవై. ఆవిడకు దుకాణంలో పెట్టడానికి ముందు కొన్ని ఉంటే చాలు, ఒప్పుకుంది.

అప్పుడతను చివరి మెయిల్ రాశాడు. పాత మెయిల్ కిందే జవాబుగా రాశాడు, కొత్త మెయిల్ తెరవలేదు. మారినవి మాత్రమే రాసి వదిలేయలేదు, మొత్తం ఒప్పందాన్ని మళ్లీ ఒకే చోట పెట్టాడు. చీర ధర ఇప్పుడు 4,350. నలభైకి 1,74,000. జీఎస్టీ 8,700. మొత్తం 1,82,700. అడ్వాన్స్ 73,080, మిగిలేది 1,09,620. 2వ నంబరు నీలం, కొంగు 36 అంగుళాలు, రెండు పార్శిళ్ల తేదీలు. ఆవిడ “సరే, ఇదే ఖాయం” అని ఒక వాక్యం రాసి, డబ్బు బ్యాంకులో వేసింది. అప్పుడు నూలు రంగుల గదికి వెళ్లింది. ఇన్ని మెయిళ్లు ఎందుకనిపిస్తే, రంగు పడ్డాక తప్పు తేలితే ఎంత నూలు పక్కన పెట్టాల్సి వస్తుందో ఆ తండ్రిని అడగండి.

అసలు జవాబే రాకపోతే? ఇక్కడ ఒక పొరపాటు నమ్మకం బాగా పాతుకుపోయి ఉంది. మెయిల్ చివర “రెండు రోజుల్లో జవాబు లేకపోతే మీరు ఒప్పుకున్నట్టే” అని రాస్తే చాలనుకుంటారు. చాలదు. ఇంగ్లండులో ఫెల్ట్‌హౌస్ అనే ఆయన తన సోదరుడి కొడుక్కి గుర్రం విషయంలో ఇలాగే రాశాడు: ఇంకేమీ కబురు రాకపోతే గుర్రం నాదే అనుకుంటానని. కుర్రాడు జవాబివ్వలేదు. తర్వాత వేలంపాటదారు ఆ గుర్రాన్ని పొరపాటున అమ్మేశాడు. గొడవ కోర్టుకెక్కితే, ఎదుటి మనిషి మౌనాన్ని ఒప్పుకోలుగా మార్చే హక్కు రాసినవాడికి లేదని 1862లో తేలింది. మన దగ్గర కూడా సాధారణ సూత్రం అదే. జవాబు రాకపోతే గడువు రోజున ఫోన్ చేయండి. ఫోన్‌లో సరే అంటే, ఆ ఫోన్ మీదే ఉండి “మేడం, ఆ మెయిల్ కిందే ఒక్క ‘సరే’ పెట్టండి” అనండి. మెయిల్ తెరవడం ఇష్టం లేకపోతే వాట్సాప్‌లోనైనా ఆ మెయిల్ తేదీ రాసి సరే అనమనండి. అదీ రాకపోతే నూలు ముట్టుకోకండి.

జవాబు లేకుండా అడ్వాన్స్ వచ్చిపడటం ఇంకో సంగతి. ఒప్పందాల చట్టం 8వ సెక్షన్ ప్రకారం ప్రతిపాదనలో అడిగిన పని చేయడం కూడా అంగీకారమే. మీరు మెయిల్‌లో 73,080 అడిగి, సరిగ్గా 73,080 వస్తే అది పెద్ద ఆధారం. 67,200 వచ్చిందంటే ఆవిడ ఇంకా ఫోన్‌లో విన్న పాత లెక్కలోనే ఉంది. ఆ డబ్బు చూసి సంతోషపడి పని మొదలుపెట్టకండి. అంకె తేడాయే మీకు చెబుతోంది, మెయిల్ చదవలేదని.

మెయిల్‌కు చట్టంలో విలువ ఉందా అన్న సందేహం ఊళ్లలో ఇప్పటికీ ఉంది. విలువ ఉంది. నోటిమాట ఒప్పందం కూడా చెల్లుతుంది, నిరూపించడమే కష్టం. ఎలక్ట్రానిక్ రూపంలో ఉందన్న ఒక్క కారణంతో ఒప్పందం చెల్లదనడానికి వీల్లేదని సమాచార సాంకేతిక చట్టం 10ఎ సెక్షన్ చెబుతుంది. 2010లో సుప్రీంకోర్టు ట్రైమెక్స్, వేదాంత అల్యూమినియం కేసులో ఇదే మాట గట్టిగా నిలబెట్టింది. అది ఆస్ట్రేలియా బాక్సైట్ వ్యాపారం. 2007 అక్టోబర్ 15న ప్రతిపాదన, 16న అయిదు ఓడల సరుకు ఖాయమంటూ జవాబు, రెండూ మెయిళ్లే. పెద్ద ఒప్పంద పత్రం మీద ఇంకా సంతకాలు కాలేదు కాబట్టి ఒప్పందమే లేదని కొనేవారు వాదించారు. ముఖ్యమైన షరతులన్నీ మెయిళ్లలో కుదిరాక పత్రం తయారు కాకపోయినా ఒప్పందం ఉన్నట్టేనని కోర్టు తేల్చింది. ఓడల సరుకుకు సరిపోయిన మెయిల్ నలభై చీరలకు సరిపోకుండా పోదు. కాకపోతే మెయిల్ అసలు రూపంలో మీ ఖాతాలోనే ఉండాలి. స్క్రీన్ షాట్ తీసి, మెయిల్ చెరిపేస్తే ఆధారం బలహీనపడుతుంది. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ఎలక్ట్రానిక్ ఆధారానికి ధ్రువపత్రం కోరుతుంది. ఆ పని లాయరు చూసుకుంటాడు, మెయిల్ ఉంచుకోవడం మీ పని.

నేసి అమ్మేవారికి రాతవల్ల కలిగే లాభం ఇంకొకటి ఉంది, అది చాలామందికి తెలియదు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న ఉత్పత్తిదారుల దగ్గర కొన్నవారు రాతపూర్వకంగా ఒప్పుకున్న తేదీలోపు డబ్బు ఇవ్వాలి. ఆ గడువు ఎంత రాసుకున్నా, సరుకు స్వీకరించిన రోజు నుంచి 45 రోజులు దాటకూడదు. రాత లేకపోతే 15 రోజులు. గడువు దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా. ఈ హక్కు మీద పేచీ రాకూడదంటే సరుకు పంపకముందే ఉద్యమ్ నమోదు ఉండటం మంచిది. కొని అమ్మే వ్యాపారికి కాకుండా తయారుచేసే వారికి ఇది ఉద్దేశించింది. సరుకులో లోపముందని కొన్నవారు చెప్పాలన్నా అందిన 15 రోజుల్లోపు రాసి చెప్పాలి. అంటే “మిగతా డబ్బు 15 రోజుల్లోపు” అని ఆ కుర్రాడు రాసిన ముక్క మర్యాద వాక్యం కాదు. పార్శిల్ అందిన రోజు “ఇవాళ అందినట్టు తెలిసింది, చూసుకోండి” అని అదే మెయిల్ కింద ఇంకో వాక్యం రాస్తే, రోజుల లెక్క ఎక్కడ మొదలైందో కూడా తేలిపోతుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం తప్పక వస్తుంది. ముప్పయ్యేళ్లుగా మాట మీద వ్యాపారం చేసుకుంటున్నవారికి మెయిల్ పంపితే “నమ్మకం లేదా?” అంటారని. ఈ భయం నిజమైనదే, తేలిగ్గా కొట్టిపారేయను. పెద్దాయనకు మెయిల్ పంపే ముందు ఫోన్‌లోనే చెప్పండి: “బాపూ, నాకు, రంగులేసేటోళ్లకు లెక్క తప్పొద్దని రాసి పంపుతున్న. మీరొక్కసారి చూడుండ్రి.” ఇది తప్పించుకునే మాట కాదు, నిజం. ఆ మెయిల్ అసలు చదవాల్సింది ఫోన్‌లో లేని మనుషులు: చిటికి కట్టే ఆమె, రంగులేసే ఆయన, పార్శిల్ కట్టే కుర్రాడు, అవతల దుకాణంలో సరుకు దించుకునే గుమాస్తా. ఫోన్ ఇద్దరి మధ్య జరిగింది, పని పదిమంది చేస్తారు. ఆయనకు మెయిల్ లేకపోతే ఆయన కొడుకుదో కోడలిదో అడగండి. అదీ కుదరకపోతే అదే మూడు భాగాల రాతను వాట్సాప్‌లో పంపండి. గొంతు సందేశం మాత్రం వద్దు, అందులో అంకె వెతకడం కష్టం.

ఇదే పద్ధతి చేనేత దాటి ఎక్కడ పనికొస్తుందంటే, ఒకే మాటకు రెండు కొలతలున్న ప్రతిచోటా. గద్వాలలో జరీ చీర ఆర్డర్ తీసుకుంటే ప్యూర్ జరీనా, టెస్టెడ్ జరీనా, హాఫ్ ఫైన్ జరీనా రాయాలి. ఫోన్‌లో మూడింటినీ “జరీ” అనే అంటారు, ధరల్లో పోలికే ఉండదు. మిర్యాలగూడ మిల్లుతో వడ్ల బేరం మాట్లాడితే బస్తా అంటే ఎన్ని కిలోలో రాయాలి. ప్రైవేటు బేరంలో 75 కిలోల బస్తా వినిపిస్తుంది, కొనుగోలు కేంద్రంలో 40 కిలోల సంచి కనిపిస్తుంది. నూరు బస్తాల దగ్గర ఆ తేడా 35 క్వింటాళ్లు. తేమ శాతం ఎవరి మీటరుతో, ఎక్కడ చూస్తారో కూడా అదే మెయిల్‌లో రాయాలి.

మెయిల్ చేయలేని పని ఒకటుంది. ఇవ్వదలచుకోని మనిషి చేత డబ్బు ఇప్పించలేదు, మోసం చేయడానికే వచ్చినవాణ్ణి ఆపలేదు. మంచి ఉద్దేశంతో ఉన్న ఇద్దరి మధ్య పుట్టే తేడాను ముందే బయటపెట్టడమే దాని పని. ఈ వ్యాపారంలో ఎక్కువ గొడవలు అలాంటి ఇద్దరి మధ్యవే.

ఈ వారం మీరు ఫోన్‌లో తీసుకునే మొదటి ఆర్డర్‌తోనే మొదలుపెట్టండి. ఫోన్ పెట్టేయగానే ఒప్పుకున్నవి, మీరు అనుకుంటున్నవి, తేలనివి విడివిడిగా రాసి, అంకెలు రూపాయల్లో, అంగుళాల్లో, తేదీల్లో పెట్టి పంపండి. “సరే, ఇదే ఖాయం” అన్న జవాబు మీ చేతికి వచ్చేదాకా పని మొదలుపెట్టకండి.